చెప్పు కరిచే పది రోజులు

చెప్పు అడుగుభాగాన్ని అట్ట అంటాం. పుస్తకానికి వేసేదీ అట్టే. ఒకప్పుడు ఈ రెండింటినీ కలిపి ఆలోచించే అవసరం ఎవరికీ రాలేదు. చెప్పు అట్ట అంటే గేదె తోలు, అంతే. ఇప్పుడు బజార్లో 'చేత్తో కుట్టినవి' అని అమ్మే జతల్లో కొన్నిటిని విప్పి చూస్తే పైన కాగితమంత పల్చటి తోలు, కింద రబ్బరు, మధ్యలో అక్షరాలా పుస్తకం అట్ట. తొలకరికి కొంటే వినాయక చవితికి పూరీలా ఉబ్బుతాయి.

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో కిర్రు చెప్పులు గుర్తున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. పెద్దాయన వీధి మలుపు తిరక్కముందే కిర్రు కిర్రు వినబడేది. అరుగు మీద పేకాడుతున్న కుర్రాళ్ళు ముక్కలు సర్దేసుకునేవారు. ఆ చప్పుడుకి కారణం చాలా మామూలుది. పొడిగా ఉన్న రెండు తోలు పొరలు అడుగడుగుకీ ఒకదాని మీద ఒకటి జారడం. అంటే మధ్యలో జిగురు లేదన్నమాట. ఆ పొరల్ని పట్టుకుని ఉన్నది కుట్టు ఒక్కటే. అందుకే ఆ చెప్పు ఆయుష్షంతా బెజ్జాల్లో ఉండేది. తోలుకి బెజ్జం పొడిచే ఆరెతో వేసిన బెజ్జం బిగుతుగా ఉన్నన్నాళ్ళూ చెప్పు చెప్పులా ఉంటుంది. బెజ్జం సాగిందా, తోలు ఎంత మంచిదైనా పొరలు నోరు తెరుస్తాయి. కొత్త చెప్పుని కాలికి అలవాటు చేసుకోవడం, వానల్లో కాపాడుకోవడం, కొనేటప్పుడు పనితనం పట్టుకోవడం, మూడూ చివరికి ఆ బెజ్జం దగ్గరికే వస్తాయి.

ముందు తోలు సంగతి. సున్నం గుంటలో వెంట్రుక ఊడదీసిన తోలుని తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ కలిపిన నీళ్ళల్లో వారాల తరబడి ఊరవేసేవారు. మన రోడ్ల పక్కన పసుప్పచ్చగా పూసే ఆ తంగేడే. ఆ చెక్కలోని వగరు తోలులోకి దిగి దాన్ని కుళ్ళకుండా కాపాడుతుంది. అలా ఊరిన తోలు కోసిన చోట లోపలిదాకా ఒకే గోధుమ రంగు. ఫ్యాక్టరీల్లో క్రోమ్ ఉప్పుతో ఊరవేసిన తోలుకి పైన ఏ రంగు వేసినా కోత మధ్యలో నీలం కలిసిన బూడిద రంగు గీత కనబడుతుంది. క్రోమ్ తోలు చెడ్డదని కాదు. అది మెత్తగా ఉంటుంది, నీళ్ళకి కూడా బాగానే తట్టుకుంటుంది. కానీ కాలి ఆకారం పట్టుకుని అలాగే నిలిచిపోయే గుణం దానికి తక్కువ. చెక్క తోలుకి ఆ గుణం ఉంది, దాంతోపాటు కరిచే గుణమూ ఉంది.

అనుమానంగా ఉంటే తుప్పు మేకు పరీక్ష ఉంది. మేకుని కాస్త చింతపండు పులుసులో తడిపి, అట్ట అంచున కనబడని చోట ఆనించి పావుగంట ఉంచండి. చెక్క తోలైతే ఆ చోటు నల్లబడుతుంది. వెనకటి రోజుల్లో కరక్కాయలోంచి సిరా తీసింది ఇదే లెక్కన. కరక్కాయ వగరులో అన్నభేది కలిపితే, అందులోని ఇనుము వల్ల నలుపు తేలుతుంది. చెప్పు అట్టలకి ఇనప మేకులు కొట్టకూడదని పాతవాళ్ళు పట్టుబట్టడానికి కూడా అదే కారణం. వానలో తడవగానే మేకు చుట్టూ నల్లటి మచ్చ వస్తుంది. నాలుగు వానలయ్యాక ఆ మచ్చ ఉన్నంత మేరా తోలు పెళుసెక్కి, మేకు తల తనంతట తాను ఊడి వస్తుంది. కొనేటప్పుడు అట్ట తిరగేసి మేకు తలలు కనబడితే ఆ జత అక్కడే వదిలేయడం మంచిది.

ఇక కుట్టు. దీన్ని దగ్గర కూర్చుని చూస్తేనే అర్థమవుతుంది. కుట్టేవాడు నూలు దారం నాలుగైదు పోగులు కలిపి తొడ మీద పురి పెడతాడు. తేనె మైనం ముద్దలోంచి దాన్ని మూడు నాలుగుసార్లు లాగుతాడు. దారం బూడిద రంగుకి తిరిగి, వేళ్ళకి అంటుకున్నట్టు జిడ్డుగా తయారవుతుంది. మైనం రెండు పనులు చేస్తుంది. నీళ్ళు పోగుల్లోకి వెంటనే పోకుండా ఆపుతుంది, బెజ్జంలో దారం జారకుండా అతుక్కుని ఉంటుంది. మైనం పట్టని దారంతో కుట్టిన చెప్పుకి ఒక్క కుట్టు తెగితే పక్కవి కూడా వదులవుతాయి. మైనం పట్టించిన దారం తెగినా పక్క బెజ్జంలోది కదలదు.

తర్వాత అట్ట అడుగున అంచుకి సమాంతరంగా, తోలు కోసే రంపెతో సన్నటి గాడి గీస్తాడు. కుట్టు ఆ గాడిలో కూర్చోవాలి. చాలామంది చూడని విషయం ఇదే, నా లెక్కన అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. గాడి లేకపోతే దారం నేలకి ఆనుతుంది. మన ఎర్రమట్టిలో, ఇసకలో నడిచే కాలి కింద నేలకి ఆనిన దారం రెండు మూడు నెలల్లో అరిగి తెగుతుంది. గాడిలో ఉన్న దారం, తోలు ఆ లోతు వరకూ అరిగేదాకా క్షేమం.

ఇప్పుడు ఆరె. దాని మొన దగ్గర చిన్న కొక్కెం ఉంటుంది. పైనుంచి పొడిచి, కింద చేతిలో ఉన్న దారాన్ని కొక్కేనికి తగిలించి పైకి లాగుతారు. అక్కణ్ణుంచి రెండు దారులున్నాయి. మొదటిది తొందర పని. పైకి వచ్చిన దారపు ఉచ్చులోంచి పై దారం కొస దూర్చి బిగించేస్తారు. ఇందులో పై దారం ఎప్పుడూ పైనే, కింది దారం ఎప్పుడూ కిందే ఉంటాయి, మధ్యలో ఒకదానికొకటి మెలిక. కుట్టుమిషన్ కుట్టు కూడా ఇలాంటిదే. కింది దారం నేల రాపిడికి ఒకచోట అరిగి తెగితే, పట్టు లేని పై దారం కొస పట్టుకుని లాగగానే బెత్తెడు మేర కుట్టు లేచి వస్తుంది. రెండోది నిదానం పని. కింది కొసని పూర్తిగా పైకి లాగేసి, అదే బెజ్జంలోంచి పై కొసని పూర్తిగా కిందికి దించుతారు. రెండు కొసలూ ప్రతి బెజ్జంలోనూ ఎదురెదురుగా దాటుకుంటాయి. ఒక పోగు తెగినా రెండోది అదే దారిలో నడుస్తుంది కాబట్టి పొరలు విడిపోవు.

కొనేటప్పుడు ఈ రెండింటినీ ఎలా గుర్తుపట్టాలి? కుట్టుని అడ్డంగా, కంటికి దగ్గరగా పెట్టి చూడండి. నిదానం పనిలో పైనా కిందా కుట్టు ఒకే తీరున ఉంటుంది, ప్రతి కుట్టూ కాస్త ఏటవాలుగా పడుకుని ఉంటుంది. తొందర పనిలో ఒకవైపు కుట్టు వంకరలేకుండా తీగలా సాగి ఉంటుంది, రెండోవైపు బెజ్జం దగ్గర చిన్న బొడిపెలు కనబడతాయి. మెలిక తోలు మందంలో దాక్కోకుండా బయటికి వచ్చేసిందనడానికి ఆ బొడిపెలే గుర్తు. బెజ్జం ఆకారం కూడా చెబుతుంది. చేతి ఆరె పొడిచిన బెజ్జం చీలికలా ఉండి, దారం చుట్టూ మూసుకుంటుంది. మిషన్ సూది బెజ్జం గుండ్రంగా, వరసలో ఒక్క వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంటుంది. చేతి కుట్టులో కాస్త తేడా సహజం, కానీ ఆ తేడా ఒక హద్దులో ఉండాలి. అట్ట కుట్టుకి అంగుళానికి నాలుగైదు కుట్లు సరైన లెక్క. మూడుకి తగ్గితే పొరల మధ్య మట్టి దూరుతుంది. ఏడెనిమిది కుట్లు ఉంటే చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది కానీ బెజ్జాల మధ్య తోలు మిగలదు. తపాలా బిళ్ళల కాగితంలా అదే వరస వెంట చిరుగుతుంది. అంచు నుంచి బెజ్జం కనీసం 3 మిల్లీమీటర్లు లోపలికి ఉండాలన్నది కూడా ఇందుకే.

కొన్ని జతల్లో దారమే ఉండదు. మేకతోలుని 2, 3 మిల్లీమీటర్ల వెడల్పు వారుగా కోసి, నానబెట్టి, ఆ తడి వారుతోనే కుడతారు. ఆరుతున్నకొద్దీ వారు ముడుచుకుని పొరల్ని దగ్గరికి లాగుతుంది. వానలో తడిస్తే ఉబ్బి బెజ్జాన్ని నింపేస్తుంది. నైలాన్ దారం ఉబ్బదు, కుళ్ళదు, తెగదు. వినడానికి బాగుంది. కానీ తడిసి మెత్తబడిన తోలులో ఆ గట్టి దారం అడుగడుగుకీ కోస్తూ పోతుంది. రెండు వానాకాలాలు గడిచేసరికి దారం కొత్తగానే ఉంటుంది, బెజ్జాలు మాత్రం కందిగింజంత అవుతాయి. నైలాన్ తప్పదనుకుంటే మైనం దట్టంగా పట్టించి, లావు దారంతో కుట్టమని అడగాలి. సన్నదే ఎక్కువ కోస్తుంది.

పట్టీలు అట్టలోకి దిగే చోటు ఇంకొకటి చూడాలి. మంచి పనిలో పట్టీ పై పొరలో చేసిన చీలికలోంచి దిగి, రెండు పొరల మధ్య రెండు, రెండున్నర సెంటీమీటర్లు పరుచుకుని, అంచు కుట్టులో పడి ఉంటుంది. నాసి పనిలో సెంటీమీటరు ముక్క జిగురు మీద ఆగుతుంది. లోపల ఏముందో కనబడదు కదా అనకండి. అట్టని రెండు చేతులా పట్టుకుని వేళ్ళ దగ్గర పైకి వంచుతూ, పట్టీ మొదలుని బొటనవేలితో పక్కకి నెట్టండి. కుట్టులో పడిన పట్టీ కదిలితే అంచు కుట్టు కూడా దానితోపాటు కదలబోతుంది. జిగురు పట్టీ ఒక్కటే కదులుతుంది, చీలిక దగ్గర సందు కనబడుతుంది. బొటనవేలు దూర్చే ఉంగటానికి ఈ పరీక్ష తప్పనిసరి, మొదట తెగేది అదే. అదే వంపులో అట్ట పైభాగం కూడా చూడండి. సన్నటి ముడతలు పడి, వదలగానే పోతే అది వీపు తోలు. వదులుగా, పెద్ద ముడతలు లేచి పైపొర విడిపోయినట్టు కనబడితే పొట్ట తోలు. పొట్ట తోలు అట్ట ఒక్క వానకే చాపలా సాగుతుంది.

ఇన్ని చూసి కొన్నా చెప్పు కరుస్తుంది. కుట్టినాయన చెప్పు చేతికిస్తూ అనే మాట మన సంతల్లో చాలామంది వినే ఉంటారు. "వారం పది రోజులు కరుస్తాది బాబూ, ఓర్సుకోండి. నీళ్ళలో మాత్రం నానేయకండి." ఆ రెండో మాట పెడచెవిన పెట్టేవాళ్ళే ఎక్కువ. రాత్రంతా బకెట్లో నానేస్తే మెత్తబడుతుంది, నిజమే. దాంతోపాటు తంగేడు వగరు కొంత నీళ్ళలోకి దిగిపోతుంది, పొరలు ఉబ్బి కుట్టుని లాగుతాయి, ఆరాక అట్ట అంచులు పైకి లేస్తాయి. మొదటి రోజే బెజ్జాలు సాగిపోయాయన్నమాట.

కావలసింది ఆముదం. ఒక జతకి రెండు చిన్న చెంచాలు, అంటే 10 మిల్లీలీటర్లు చాలు. ఆముదం చిక్కన కాబట్టి గిన్నెని వేడినీళ్ళలో పెట్టి గోరువెచ్చగా చేసుకోవాలి. చెప్పుని తడిగుడ్డతో ఒకసారి తుడిచి, ఆ చెమ్మ ఉండగానే వేలితో అడుగు అట్టకీ, అంచులకీ, పట్టీల లోపలివైపుకీ పట్టించాలి. పాదం ఆనే పైభాగానికి నాలుగు చుక్కలు మించొద్దు, లేకపోతే కాలు జారుతుంది, ధోవతికి మరకలవుతాయి. రాత్రంతా వదిలేసి పొద్దున్న పొడిగుడ్డతో మిగిలిన జిడ్డు తుడిచేయాలి. కొబ్బరినూనె, నువ్వులనూనె కూడా తోలుని మెత్తబరుస్తాయి కానీ వానాకాలంలో కంపు కొట్టవచ్చు. ఆముదం అంత త్వరగా చెడదు. ఎక్కువ పట్టిస్తే ఇంకా మెత్తబడుతుందని అరగిద్దెడు పోసేవాళ్ళుంటారు. నూనెలో మునిగిన తోలు సాగుతుంది, అలా సాగితే బెజ్జం కూడా సాగుతుంది.

నూనె పట్టాక అట్టని వేళ్ళ మొదళ్ళు వంగే చోట పదిసార్లు నెమ్మదిగా వంచి వదలండి. ఆ చోటే వంగాలని తోలుకి నేర్పడం అది. మొదటి రెండు రోజులూ సాయంత్రంపూట, ఇంట్లోనే, అరగంట. సాయంత్రమే ఎందుకంటే రోజంతా తిరిగిన పాదం అప్పుడు కాస్త ఉబ్బి ఉంటుంది, పట్టీ ఆ కొలతకి సర్దుకుంటుంది. మూడు, నాలుగు రోజుల్లో గంట. తర్వాత వీధి చివరిదాకా, అంగడిదాకా. పదో రోజుకి పూటంతా. మధ్యలో ఒక రోజు విడిచిపెడుతూ తొడిగితే ఇంకా మంచిది. చెమట పట్టిన తోలు ఆరడానికి ఒక రోజు పడుతుంది. మొదటి వారం పాదానికి గోధుమ రంగు అంటుకుంటే కంగారు వద్దు, అది తంగేడు రంగే.

కరిచేది ముఖ్యంగా రెండు చోట్ల. ఒకటి ఉంగటం లోపలి అంచు, రెండోది పాదం మీద అడ్డంగా పోయే పట్టీ ముందు అంచు. రెండు చోట్లా తప్పు తోలు గట్టిదనంలో లేదు, కోసిన అంచు చదరంగా, కత్తివాదరలా ఉండటంలో ఉంది. ఆ అంచుని తడిగుడ్డతో చెమ్మ చేసి, చెంచా వీపుతో లోపలి నుంచి బయటికి పది నిమిషాలు గట్టిగా రుద్దితే గుండ్రబడుతుంది. పాత పనివాళ్ళు ఈ రుద్దుడు ముందే చేసి ఇచ్చేవారు. అంచుని గోటితో తడిమి చూస్తే పనితనం అక్కడే తెలిసిపోతుంది. ఉంగటం మరీ బిగుతైతే చెమ్మ చేసి, గుడ్డని బొటనవేలి కన్నా కాస్త లావుగా చుట్టి రాత్రంతా దూర్చి ఉంచండి. అప్పటికప్పుడు బయటికి వెళ్ళాల్సి వస్తే పొడి సబ్బు బిళ్ళని అంచుకి రుద్దుకోవచ్చు. రాయి పెట్టి కొట్టడం మాత్రం వద్దు. మెత్తబడేది ఏమో గానీ రాయి అంచు కింద కుట్టు నలుగుతుంది.

దీనికీ ఒక హద్దుంది. పట్టీ కొంచెం సాగుతుంది, అట్ట పొడవు సాగదు. కాబట్టి కొనేటప్పుడు పట్టీ బిగుతుగా, చిటికెనవేలు కష్టం మీద దూరేటట్టు ఉండాలి. అట్ట మాత్రం మడమ వెనక అర సెంటీమీటరు మిగలాలి. పది రోజుల తర్వాత కూడా అదే చోట పుండు పడుతుంటే తప్పు మీ ఓర్పుది కాదు. పట్టీ దిగిన చీలిక తప్పు చోట పడింది. దాన్ని నూనె సరిచేయలేదు, తిరిగి కుట్టించాల్సిందే.

ఈ లెక్కన కొత్త జత కొనడానికి సరైన కాలం సంక్రాంతి తర్వాత. మాఘం, ఫాల్గుణం పొడి రోజుల్లో కాలికి అలవాటై, ఎండాకాలంలో ఇంకోసారి నూనె తాగి, తొలకరికి సిద్ధంగా ఉంటుంది. జూన్‌లో కొన్నవాడు కరిచే చెప్పుతో పాటు తడిసే చెప్పునీ ఒకేసారి భరించాలి.

వానల్లో పాత అలవాటు చాలా సులువైనది. గెడ్డ దాటాల్సి వస్తే, పొలం గట్టు బురదగా ఉంటే చెప్పులు చేతిలోకి వచ్చేవి, కాళ్ళు కడుక్కున్నాక మళ్ళీ తొడిగేవారు. చెప్పు కాలిని కాపాడాలి గానీ కాలు చెప్పుని కాపాడటమేమిటని నవ్వేవాళ్ళుండేవారు. అయినా ఆ జతలు ఏళ్ళ తరబడి నిలిచాయి. ఇప్పుడు రోడ్డు మీద చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాళ్ళు లేరు కాబట్టి, తడిశాక ఏం చేయాలో తెలియాలి.

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజునే తీసుకుందాం. దసరా తర్వాత వచ్చే మంగళవారం. జనం మధ్య మూడు గంటలు నిలబడ్డాక వాన దంచికొట్టింది, కోట దగ్గర్నుంచి ఇంటిదాకా బురదలో నడక. పొడిగా ఉన్నప్పుడు 250 గ్రాములుండే చెప్పు తడిసి 350 దాకా తూగుతుంది. ఆ వంద గ్రాముల నీరు ఎలా బయటికి పోతుందన్నదే అసలు విషయం.

మంగళవారం రాత్రి, ఎంత అలసటగా ఉన్నా, మట్టి ఆరకముందే తుడిచేయాలి. ఎర్రమట్టి ఎండితే తోలులోని నూనె పీల్చేస్తుంది, బెజ్జాల్లో ఇసక నిలిచిపోయి దారాన్ని ఆకురాయిలా కోస్తుంది. తడిగుడ్డతో పైన తుడిచి, గాడిలో మట్టిని పాత పళ్ళ బ్రష్‌తో తీయాలి. కుళాయి కింద పెట్టి కడగొద్దు. తర్వాత పొడిగుడ్డతో అద్ది, పట్టీల కింద పాత వార్తాపత్రిక ఉండలు కూరి, చెప్పుని పక్కవాటుగా గోడకి చేరవేయాలి. బల్లపరుపుగా పెడితే అడుగు అట్టకి గాలి తగలదు, పై పొర ముందు ఆరి కుంచించుకుపోతుంది, అట్ట పడవలా వంగుతుంది. రెండు గంటలకోసారి కాగితం మార్చాలి, కనీసం పడుకునేలోగా ఒక్కసారైనా.

బుధవారమంతా నీడలో, గాలి ఆడే చోట. ఫ్యాను కింద ఫర్వాలేదు. పొయ్యి పక్కనా, ఎండలో రేకుల మీదా వద్దు. చెక్క తోలు పొడిగా ఉన్నప్పుడు వేడికి బాగానే ఆగుతుంది గానీ తడిగా ఉన్నప్పుడు 70, 80 డిగ్రీల వేడి తగిలితే దాని నారలు ముడుచుకుపోతాయి. అప్పడం వేగినట్టు వంకర తిరిగి గట్టిపడుతుంది. అలా అయిన తోలుని ఏ నూనే వెనక్కి తీసుకురాలేదు. గురువారం ఉదయానికి పైన ఆరినట్టు కనబడుతుంది, లోపల ఆరదు. మడమ దగ్గర అట్టని చెంపకి ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా నీరుంది. ఆ దశలోనే, అంటే సగం ఆరిన చెమ్మ ఉండగానే, అర చెంచా ఆముదం పల్చగా పట్టించాలి. నీరు బయటికి పోతున్నకొద్దీ నూనె నారల మధ్యకి జారుకుంటుంది. పూర్తిగా ఎండి గట్టిపడ్డాక పట్టిస్తే పైనే జిడ్డుగా నిలుస్తుంది. శుక్రవారం మళ్ళీ గాలికి వదిలేసి, శనివారం తొడుక్కోవచ్చు. రెండో రోజునే తొందరపడి తొడిగితే మెత్తగా ఉన్న బెజ్జాల మీద ఒళ్ళు బరువంతా పడుతుంది. ఒక్క తడికి చెప్పు పాడవదు, తడిగా నడిచిన నడకకి పాడవుతుంది.

కళింగపట్నం, బారువ లాంటి చోట్ల సముద్రపు నీళ్ళలో తడిస్తే ఇంకో పని కలుస్తుంది. ఆరకముందే మంచినీళ్ళలో పిండిన గుడ్డతో రెండుసార్లు తుడవాలి. ఉప్పు తోలులో ఉండిపోతే తెల్లటి గీత కడుతుంది, గాలిలో చెమ్మ ఉన్నప్పుడల్లా నీటిని లాక్కుంటూ ఎప్పటికీ ఆరనివ్వదు.

ముసురు పట్టిన వారాల్లో బూజు వస్తుంది. తెల్లగా పొడిలా ఉన్నది మామూలు బూజు, ఆరుబయట పొడిగుడ్డతో దులిపి, సర్జికల్ స్పిరిట్‌లో సమానంగా నీళ్ళు కలిపి గుడ్డతో అద్దితే పోతుంది. ఆరాక ఆముదంలో నాలుగు చుక్కల వేపనూనె కలిపి పట్టించండి. వాసన రెండు రోజులు ఉంటుంది, ఇంట్లోవాళ్ళతో మాట పడాల్సి వస్తుంది. బూజు కుట్టు దారం వెంట నల్లటి చుక్కలుగా కనబడితే మాత్రం నూలు కుళ్ళడం మొదలైందని అర్థం. ఆ చోట గోటితో మీటండి. దారం టక్కున తెగితే ఆ వరసంతా తిరిగి కుట్టించాలి. ప్లాస్టిక్ కవర్లో కట్టి బీరువాలో పెట్టడం కన్నా, ఒక మేకుకి వేలాడదీయడం ఎన్నో రెట్లు నయం.

తిరిగి కుట్టించడంలోనూ బెజ్జమే లెక్క. పనివాడు పాత బెజ్జాల్లోంచే దారం నడపాలి. తొందరలో కొత్త బెజ్జాలు పొడిస్తే పాతవీ కొత్తవీ కలిసి అంచు చిల్లులమయం అవుతుంది. పాత బెజ్జాలు సాగి ఉంటే దారం ఒక పోగు పెంచి కుట్టాలి. అడుగున టైరు ముక్క వేయించే అలవాటు మనకి పాతదే, వానాకాలానికి అది మంచిదే, కింద నుంచి నీరు రానివ్వదు. కానీ అది కూడా కుట్టుతోనే ఉండాలి, మేకులతో కాదు. పైన తడిస్తే రబ్బరు ఆ నీటిని కిందికి పోనివ్వదు కాబట్టి ఆరడానికి ఇంకో రోజు పడుతుందని గుర్తుంచుకోవాలి.

కుట్టు తెగిందని ఒక్క చెప్పు తీసుకెళ్ళేవాళ్ళే ఎక్కువ. మరమ్మతుకి కూర్చున్న మనిషి ఎంతటి పనివాడో అక్కడే తెలుస్తుంది. సామాన్యుడు తెగిన చోట నాలుగు కుట్లు వేసి డబ్బులు అడుగుతాడు. తెలిసినవాడు ముందు ఆ చెప్పుని తిరగేసి, మడమ ఎటు అరిగిందో చూసి, తెగిన చోటికి రెండు పక్కలా ఉన్న కుట్లని ఆరె మొనతో పైకెత్తి బిగువు చూస్తాడు. ఆ తర్వాత మీ కాలి వైపు చెయ్యి చాపుతాడు.

"రెండోదీ ఇవ్వండి బాబూ. అదీ అక్కడే తెగుతాది."